అలర్ట్ ఫోన్‌ని వెతుక్కుంటూ వచ్చింది కదా, మరి 112 వాళ్లు ‘ఎక్కడున్నారు’ అని ఎందుకు అడుగుతారు?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు నీళ్లు కమ్ముకొచ్చాయి. కింది అంతస్తులు మునిగిపోయి, కరెంటు పోయి, జనం డాబాల మీదకి చేరి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటి నుంచి బెజవాడలోనూ గుంటూరు వైపూ వాన గట్టిగా పట్టిన ప్రతిసారీ ఒక ప్రశ్న వినిపిస్తోంది. ప్రభుత్వం తలుచుకుంటే మా వీధిలో ఉన్న అన్ని ఫోన్లనీ ఒక్కసారిగా మోగించగలదు. అలాంటప్పుడు మేము అత్యవసర సహాయ నంబరు 112కి ఫోన్ చేస్తే ‘ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, దగ్గర్లో గుర్తేమిటి’ అని ఎందుకు అడుగుతారు? మేమెక్కడున్నామో తెలియకుండానే అలర్ట్ పంపారా?

అవును, తెలియకుండానే పంపారు. చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అలర్ట్ టవర్ నుంచి మన వైపు వచ్చే దారి వేరు, మన కాల్ టవర్ మీదుగా సహాయక బృందాల దాకా వెళ్లే దారి వేరు. మొదటి దారికి మన చిరునామా అక్కర్లేదు. రెండో దారికి అదే ప్రాణం.

## ఆకాశవాణిలా ప్రసారం, ఎవరు విన్నారో లెక్క ఉండదు

ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తలు చదివేటప్పుడు ఎవరింట్లో రేడియో మోగుతోందో వాళ్లకి తెలియదు. ప్రసారం గాలిలో ఉంటుంది, రేడియో పెట్టుకున్నవాళ్లు వింటారు. ఈ అలర్ట్‌లు పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి కూడా అంతే. టవర్ తన పరిధిలోకి ఒక సందేశాన్ని వదులుతుంది. ఆ పరిధిలో ఆన్‌లో ఉన్న ప్రతి ఫోనూ దాన్ని పట్టుకుంటుంది. ఫోన్ నంబరు అవసరం లేదు, జాబితా అవసరం లేదు.

ఈ పద్ధతి మనకి పూర్తిగా కొత్త కూడా కాదు. పాత నోకియా ఫోన్లలో సెల్ ఇన్ఫో ఆన్ చేస్తే స్క్రీన్ మీద మనమున్న ఏరియా పేరు కనిపించేది, బస్సు కదిలేకొద్దీ ఆ పేరు మారేది. టవర్ ప్రసారం చేసే ఆ చిన్న పేరుదీ, ఇవాళ పెద్ద శబ్దంతో వచ్చే హెచ్చరికదీ ఒకే కుటుంబం.

తెర వెనక జరిగేది ఇది. విపత్తు నిర్వహణ అధికారులు మ్యాప్ మీద ఒక గీత గీసి ప్రాంతాన్ని గుర్తిస్తారు, సందేశం రాస్తారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ తయారుచేసిన ‘సచేత్’ వ్యవస్థ ద్వారా అది మొబైల్ కంపెనీలకి చేరుతుంది. ప్రతి కంపెనీలోనూ సెల్ బ్రాడ్‌కాస్ట్ సెంటర్ అనే సర్వర్ ఉంటుంది. గీసిన ప్రాంతంలోకి తమ టవర్లలో ఏవేవి వస్తాయో అది లెక్కగట్టి, వాటికి మాత్రమే సందేశం ఇస్తుంది. 4జీ టవరైతే ముందు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ‘హెచ్చరిక ఉంది, చూసుకోండి’ అని చిన్న సంకేతం ఇస్తుంది. ఆ వెంటనే ఫోన్లు టవర్ ఎప్పుడూ ప్రసారం చేస్తుండే సమాచారంలో హెచ్చరికల కోసం కేటాయించిన భాగాన్ని తెరిచి చదువుకుంటాయి.

ఆ సందేశాన్ని టవర్ ఒక్కసారి చెప్పి ఊరుకోదు. గడువు తీరేదాకా మళ్లీ మళ్లీ ప్రసారం చేస్తూనే ఉంటుంది. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు గొల్లపూడి దాటి నగరం టవర్ల పరిధిలోకి రాగానే, గంట క్రితం మొదలైన హెచ్చరిక అయినా అందులోని ఫోన్లు మోగుతాయి. మరి ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్ ప్రతి నిమిషం ఎందుకు మోగదు? ప్రతి సందేశానికీ ఒక వరుస నంబరు ఉంటుంది. ఒకసారి చూపించిన నంబరు మళ్లీ వస్తే ఫోన్ పట్టించుకోదు. అధికారులు మాటల్లో మార్పు చేసి పంపితే నంబరు మారుతుంది, అప్పుడు మళ్లీ మోగుతుంది. రెండు సిమ్‌లు వేర్వేరు కంపెనీలవైతే, లేదా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విడివిడిగా పంపితే, ఒకే హెచ్చరిక రెండుసార్లు రావడానికి కారణం కూడా ఇదే. అందులో పొరపాటేమీ లేదు.

దీన్ని ఎస్సెమ్మెస్‌తో కలిపేసుకోవడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది. పిడుగులు పడతాయని విపత్తుల సంస్థ పేరుతో మామూలు మెసేజ్ వస్తుంటుంది చూడండి, అది వేరే పద్ధతి. దానికి ముందుగా ఆ టవర్ల కింద ఏయే నంబర్లు ఉన్నాయో కంపెనీ తీయాలి, ఆ తర్వాత ఒక్కొక్క నంబరుకీ విడిగా పంపాలి. లెక్క కోసం ఒక ప్రాంతంలో 2 లక్షల ఫోన్లు ఉన్నాయనుకుందాం, సెకనుకి 100 మెసేజ్‌లు వెళ్తాయనుకుందాం. చివరి ఫోన్‌కి చేరేసరికి 2,000 సెకన్లు, అంటే 33 నిమిషాలు. బుడమేరు లాంటి వాగుకి గండి పడితే 33 నిమిషాల్లో వీధి మునిగిపోవచ్చు. బ్రాడ్‌కాస్ట్‌కి ఈ వరుస లేదు. పది ఫోన్లున్నా లక్ష ఫోన్లున్నా పట్టే సమయం ఒకటే, కాల్స్‌తో నెట్‌వర్క్ కిక్కిరిసిపోయినా దాని దారి దానికి ఉంటుంది. ఎస్సెమ్మెస్‌కి ఉన్న మేలు ఏమిటంటే, అది ఇన్‌బాక్స్‌లో మిగులుతుంది, ఆపేసి ఉన్న ఫోన్ తర్వాత ఆన్ చేసినా అందుతుంది. బ్రాడ్‌కాస్ట్ గడువు ముగిశాక ఫోన్ ఆన్ చేసినవారికి ఏమీ కనిపించదు. అందుకే రెండూ వాడుతున్నారు.

## పక్కింటివాళ్ల ఫోన్ మోగింది, మాది మోగలేదు

2023లో దేశమంతటా విడతలవారీగా పరీక్ష సందేశాలు పంపినప్పుడు వినిపించిన ఫిర్యాదు ఇది. ఒకే గదిలో రెండు ఫోన్లు, ఒకటి పెద్దగా అరిచింది, రెండోది నిశ్శబ్దంగా ఉంది.

ముందు చూడాల్సింది ఫోన్ సెట్టింగ్. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట `Wireless emergency alerts` అని కొడితే ఆ పేజీ వస్తుంది. ఐఫోన్‌లో `Notifications` పేజీలో బాగా కిందికి వెళ్లాలి. అక్కడ అలర్ట్‌లు ఆపేసి ఉంటే టవర్ చెప్పింది ఫోన్‌కి అందినా మనకి చూపించదు. పరీక్ష సందేశాలకి విడిగా ఇంకో మీట ఉంటుంది. చాలా ఫోన్లలో అది మొదటినుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి పరీక్ష రోజు మోగకపోయినంత మాత్రాన అసలు రోజు కూడా మోగదని అనుకోనక్కర్లేదు.

రెండో కారణం టవర్. పక్కింటివాళ్లది వేరే కంపెనీ అయితే వాళ్ల టవర్ వేరు. ఒకే కంపెనీ అయినా మీ ఇంటి ఈ మూలకి ఒక టవర్, ఆ మూలకి ఇంకో టవర్ బలంగా పడుతుండొచ్చు. ఒకటి గీతలోపల ఉండి, రెండోది బయట ఉంటే ఒకరికే వస్తుంది. ఇక ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే వైఫై పనిచేస్తున్నా హెచ్చరిక రాదు. ఇది టవర్ రేడియో మీద వచ్చే సందేశం, ఇంటర్నెట్ మీద కాదు. డేటా ప్యాక్ అయిపోయినా మాత్రం వస్తుంది.

## నది మధ్యలో గీత గీయొచ్చు, రేడియో తరంగం ఆగదు

కృష్ణలంకకి మాత్రమే హెచ్చరిక పంపాలనుకోండి. మ్యాప్ మీద నది మధ్య నుంచి గీత గీయడం తేలిక. కానీ అవతలి ఒడ్డున సీతానగరం, తాడేపల్లి వైపున్న టవర్ల సిగ్నల్ నీటి మీదుగా ఏ అడ్డూ లేకుండా ఇవతలికి వస్తుంది. కృష్ణలంకలో కరకట్ట పక్క ఇళ్లలో కొన్ని ఫోన్లు అవతలి ఒడ్డు టవర్‌కి అతుక్కుని ఉండే అవకాశం ఉంది. ఆ టవర్‌ని వదిలేస్తే, అసలు ప్రమాదంలో ఉన్న ఆ ఇళ్లకే హెచ్చరిక అందదు. కలుపుకుంటే, తాడేపల్లిలో ఎత్తు మీద నిద్రపోతున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి లేస్తారు.

ఇక్కడే నిపుణుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఒక వర్గం గీత వెడల్పుగానే గీయాలంటుంది. ఒక్క ఇల్లు తప్పిపోవడం కంటే వెయ్యి ఇళ్లు అనవసరంగా మేలుకోవడం నయం అన్నది వాళ్ల వాదన. రెండో వర్గం అనుభవాన్ని చూపిస్తుంది. తమకి సంబంధం లేని హెచ్చరిక అర్ధరాత్రి రెండుమూడుసార్లు వస్తే జనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేస్తారు, నాలుగోసారి అది వాళ్లకోసమే వచ్చినా వినిపించదు. ఇద్దరి మాటలోనూ నిజముంది. వరద లాంటి వాటికి, అదీ రాత్రి పూట అయితే, నేను మొదటి వర్గం వైపే మొగ్గుతాను. కానీ అప్పుడు సందేశంలో ఏ వీధులవాళ్లు కదలాలో, ఎవరు కదలనక్కర్లేదో పేర్లతో రాసి తీరాలి.

దీనికి ఒక సాంకేతిక పరిష్కారం కూడా ఉంది. గీత మూలల కొలతల్ని సందేశంతోపాటే ఫోన్‌కి పంపుతారు. టవర్ ఎంత దూరం ప్రసారం చేసినా, ఫోన్ తన జీపీఎస్ చూసుకుని గీతలోపల ఉంటేనే మోగుతుంది. ఆ లెక్క ఫోన్‌లోనే జరుగుతుంది, బయటికేమీ వెళ్లదు. దీన్ని అర్థం చేసుకోగల ఫోన్లు జనం చేతుల్లో తగినన్ని ఉంటేనే ఇది పనికొస్తుంది.

## పదహారు అక్షరాలు, ముప్పై తొమ్మిది గుర్తులు

పేర్లతో రాయాలంటే చోటు కావాలి, అక్కడ తెలుగుకి ఒక ఇబ్బంది ఉంది. బ్రాడ్‌కాస్ట్ సందేశం పేజీలుగా వెళ్తుంది. పేజీకి 82 బైట్లు, గరిష్ఠంగా 15 పేజీలు. ఇంగ్లీషైతే ఒక పేజీలో 93 అక్షరాలు పడతాయి. తెలుగులో ఒక్కో గుర్తుకి 2 బైట్లు కావాలి కాబట్టి 41 మించవు. పైగా ఇక్కడ గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. అచ్చు గుణింతం, వత్తు కోసం పెట్టే పొల్లు, సున్న, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి.

‘ప్రకాశం బ్యారేజీ నుంచి వరద పెరుగుతోంది.’ ఈ వాక్యం తీసుకోండి. నోటితో లెక్కపెడితే 16 అక్షరాలు. ఫోన్ లెక్కలో ‘ప్ర’ ఒక్కటే మూడు గుర్తులు: ప, పొల్లు, ర. అలా ఖాళీలు, చుక్క కలిపి మొత్తం 39. అంటే ఈ ఒక్క వాక్యంతో ఒక పేజీ నిండిపోయింది. మొత్తం 15 పేజీలూ వాడినా 615 గుర్తులే. ‘లోతట్టు ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండగలరు’ లాంటి ఆఫీసు భాషకి ఆ చోటంతా ఖర్చయిపోతే, వీధి పేర్లకీ ఎటు వెళ్లాలో చెప్పడానికీ ఏమీ మిగలదు. ‘రాణిగారితోట వాళ్లు ఇప్పుడే బయల్దేరండి’ అంటే చాలు, తక్కువ చోటులో ఎక్కువ పని జరుగుతుంది.

## 112 నొక్కగానే ఫోన్ ఏం చేస్తుంది

ఇప్పుడు రెండో దారి. 112 అనేది ఫోన్‌లోపలే ఎమర్జెన్సీ నంబరుగా నమోదై ఉంటుంది. అది నొక్కగానే ఫోన్ టవర్‌ని మామూలు కాల్‌లా అడగదు, కారణం ‘ఎమర్జెన్సీ’ అని చెప్పి దారి అడుగుతుంది. నెట్‌వర్క్ కిక్కిరిసినప్పుడు కంపెనీ మామూలు కాల్స్‌ని కొంతసేపు ఆపి, ఇలాంటివాటిని పోనిచ్చే ఏర్పాటు ప్రమాణాల్లోనే ఉంది. మీ కంపెనీ టవర్ పడిపోయి ఇంకో కంపెనీ టవర్ అందుతుంటే స్క్రీన్ మీద `Emergency calls only` అని కనిపిస్తుంది. ఆ మాట చూసి చాలామంది సిగ్నల్ లేదనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. నిజానికి అది, ‘నీ టవర్ లేదు, కానీ పక్క టవర్ మీదుగా ఎమర్జెన్సీ కాల్‌కి ప్రయత్నించొచ్చు’ అని ఫోన్ చెబుతున్న మాట. ఏ కంపెనీదీ అందకపోతే ఆ మాట కూడా రాదు.

ఇంకో కంపెనీ టవర్ మీదుగా వెళ్లిన కాల్ తెగిపోతే, 112 కేంద్రం నుంచి తిరిగి మీకు ఫోన్ చేయడం కష్టం. మీ నంబరు ఆ నెట్‌వర్క్‌లో నమోదై లేదు. అందుకే మొదటి పది సెకన్లలో చిరునామా చెప్పేయడం మేలు, ఏం జరిగిందో ఆ తర్వాత చెప్పొచ్చు.

## 17 ఎకరాలు, అర ఎకరం, 8 సెంట్లు

కాల్ కలిసింది. ఇప్పుడు అవతలి కుర్చీలో ఉన్నవారికి మీ చోటు ఎంతవరకు తెలుస్తుంది? ఒక ఇంటిని తీసుకుని లెక్క వేద్దాం. పాయకాపురంలో రెండో అంతస్తులో ఒక కుటుంబం, టవర్‌కి 430 మీటర్ల దూరంలో ఉందనుకుందాం.

నెట్‌వర్క్‌కి ముందుగా తెలిసేది ఏ టవర్, దాని ఏ ముఖం అన్నది. మామూలుగా టవర్‌కి మూడు ముఖాలుంటాయి, ఒక్కోటి 120 డిగ్రీల మేర చూస్తుంది. టవర్ పరిధి అర కిలోమీటరైతే, ఒక ముఖం కిందికి వచ్చే నేల దాదాపు 65 ఎకరాలు. పొలాల్లో పరిధి కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టి ఎకరాలు వందలు, వేలు అవుతాయి. మొబైల్ కంపెనీల నుంచి 112 వ్యవస్థకి అందే లొకేషన్ ఈ రకంది.

దీన్ని ఇంకొంచెం బిగించొచ్చు. ఫోన్ సిగ్నల్ టవర్‌ని చేరడానికి పట్టే సమయాన్ని నెట్‌వర్క్ కొలుస్తుంది. 4జీలో ఆ కొలతలో ఒక్కో మెట్టు 78 మీటర్లు. మన కుటుంబం 5 మెట్లు దాటి ఆరో మెట్టులో ఉంది, అంటే 390 నుంచి 468 మీటర్ల మధ్య ఎక్కడో. మ్యాప్ మీద అది ఒక వంపు తిరిగిన పట్టీలా కనిపిస్తుంది, వెడల్పు 78 మీటర్లు, పొడవు సుమారు 900 మీటర్లు. విస్తీర్ణం 17 ఎకరాలు. వీధులు చెరువులైపోయిన చోట 17 ఎకరాలంటే పడవకి ఒక పూట వెతుకులాట. సిగ్నల్ ఏదైనా అపార్ట్‌మెంట్ గోడకి తగిలి తిరిగొస్తే దూరం ఎక్కువగా కనిపించి, ఆ పట్టీ కూడా తప్పుచోట పడుతుంది.

చోటు సరిగ్గా తెలిసేది ఫోన్‌కే. జీపీఎస్ ఉంది, చుట్టుపక్కల వైఫైల పేర్లు దానికి కనిపిస్తాయి. ఈ విషయాన్ని కాల్‌తోపాటే తనంతట తాను పంపేలా 2014లో బ్రిటన్‌లో మొదలైన పద్ధతి ఏఎంఎల్, అంటే అడ్వాన్స్‌డ్ మొబైల్ లొకేషన్. ఆండ్రాయిడ్‌లో గూగుల్ దీన్ని ఎమర్జెన్సీ లొకేషన్ సర్వీస్ పేరుతో 2016లో తెచ్చింది, ఐఫోన్లలో 2018లో వచ్చింది. మనిషి ఎమర్జెన్సీ నంబరు నొక్కగానే, లొకేషన్ ఆపేసి ఉన్నా ఫోన్ దాన్ని ఆ కాల్ కోసం ఆన్ చేసుకుంటుంది. దాదాపు 20 సెకన్లలో దొరికినంత మెరుగైన చోటుని పట్టుకుని, మనకి కనిపించని ఒక మెసేజ్‌గా కేంద్రానికి పంపేస్తుంది. మన పాయకాపురం ఫోన్ పంపితే, కొంత కుదించి రాస్తే, ఆ మెసేజ్ ఇలా ఉంటుంది:

```
A"ML=1;lt=+16.53500;lg=+80.64200;rd=25;top=20240901013000;lc=90;pm=W;mcc=404
```

`lt`, `lg` అక్షాంశ రేఖాంశాలు. `rd=25` అంటే ఆ బిందువు చుట్టూ 25 మీటర్లలో ఉన్నారని, `lc=90` అంటే ఆ మాట మీద 90 శాతం నమ్మకమని. `pm=W` చోటు వైఫైల ద్వారా దొరికిందని చెబుతుంది, జీపీఎస్ అయితే అక్కడ `G` ఉంటుంది. `top` ఆ చోటుని కొలిచిన సమయం, అది గ్రీనిచ్ లెక్క, మన గడియారంలో ఉదయం 7 గంటలు. 25 మీటర్ల వలయం అంటే అర ఎకరం లోపే. అదే కుటుంబం డాబా ఎక్కితే ఆకాశం తేటగా కనిపించి జీపీఎస్ 10 మీటర్లకి పట్టుకుంటుంది. అప్పుడు వలయం 8 సెంట్లు, ఒకటి రెండు ఇళ్ల స్థలం. 17 ఎకరాల నుంచి 8 సెంట్లకి దిగింది.

ఇది పనిచేయాలంటే ఫోన్ ఒక్కటే చాలదు. అవతలి కేంద్రం ఆ మెసేజ్‌ని అందుకుని, కాల్ తీసిన వ్యక్తి స్క్రీన్ మీద చూపించగలగాలి. మన దేశంలో 112 కేంద్రాలు రాష్ట్రాలవారీగా ఉన్నాయి కాబట్టి ప్రతి రాష్ట్రం విడిగా కలుపుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో ఉత్తరప్రదేశ్ ముందుగా 2025 డిసెంబరులో ఆ పని చేసింది. కలుపుకోని చోట ఫోన్‌కి ఎంత తెలిసినా, మనిషి నోటితో చెప్పాల్సిందే.

వరద రోజుల్లో ఇంకో చిక్కు ఉంటుంది. కరెంటు పోతే ఇళ్లలో వైఫై రౌటర్లన్నీ ఆగిపోతాయి, వాటిని చూసి చోటు గుర్తించే దారి మూసుకుపోతుంది. డేటా కూడా లేకపోతే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో చెప్పే సమాచారాన్ని ఫోన్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోలేదు, నేరుగా ఉపగ్రహాల నుంచే వినాలి. దానికి ఆకాశం కనిపించేచోట కూడా కనీసం అర నిమిషం పడుతుంది. మెట్ల కింద కూర్చుని చేస్తే ఎంతసేపైనా దొరకదు. డాబా మీదికి వెళ్లి, ముందు మ్యాప్ తెరిచి నీలం చుక్క కుదురుకునేదాకా ఆగి, అప్పుడు కాల్ చేస్తే చోటు నిలకడగా ఉంటుంది.

## కొడుకు హైదరాబాద్‌లో, అమ్మానాన్న సింగ్ నగర్‌లో

బుడమేరు వరదప్పుడు చాలా ఇళ్లకి సంబంధించిన కాల్స్ ఆ ఇళ్ల నుంచి రాలేదు. అమ్మానాన్నల ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, ఎక్కడో ఉన్న పిల్లలు సహాయం కోసం ఫోన్లు చేశారు. ఇక్కడ లొకేషన్ వ్యవస్థ మొత్తం తలకిందులవుతుంది. అది చూపించేది కాల్ చేసినవారి చోటే కానీ ఆపదలో ఉన్నవారి చోటు కాదు.

అంతకంటే పెద్ద చిక్కు, హైదరాబాద్‌లో 112 నొక్కితే ఆ కాల్ తెలంగాణ కేంద్రానికి వెళ్తుంది. 112 ఎటు వెళ్లాలో నిర్ణయించేది కాల్ అందుకున్న టవరే, సిమ్ ఏ రాష్ట్రంలో కొన్నదన్నది కాదు. విపత్తు సహాయానికి ఉన్న 1070, 1077 లాంటి పొట్టి నంబర్లకీ ఇదే ఇబ్బంది. దూరంగా ఉన్నవాళ్లకి పనికొచ్చేది ఎస్టీడీ కోడ్‌తో సహా ఉండే జిల్లా కంట్రోల్ రూమ్ పూర్తి నంబరు. తుపాను, వరద సూచన ఉన్నప్పుడు కలెక్టరేట్లు వాటిని ప్రకటిస్తాయి. సరిహద్దులో కూడా ఇలాంటిదే జరుగుతుంది. జగ్గయ్యపేట దాటాక కోదాడ వైపు టవర్ బలంగా ఉంటే, మనిషి మన గట్టునే ఉన్నా కాల్ అవతలి రాష్ట్రంలో మోగొచ్చు. వాళ్లు ఇటు బదిలీ చేస్తారు, కానీ ఆ నిమిషాలు పోయినట్టే.

## చోటు ఎవరికి తెలియాలి, ఎంతసేపు

అలర్ట్ వచ్చిందంటే మనల్ని గమనిస్తున్నారన్న భయానికి ఆధారం లేదని పైన చూశాం. టవర్‌కి తాను ప్రసారం చేసింది ఎవరి ఫోన్ చదివిందో తెలియదు. ఎమర్జెన్సీ కాల్‌లో చోటు పంపే విషయంలో మాత్రం ప్రశ్న న్యాయమైనదే. కొందరు, ముఖ్యంగా ఇంట్లో హింసని తప్పించుకుని వేరేచోట దాక్కున్న ఆడవాళ్ల గురించి పనిచేసేవారు, ఆ ఆడవాళ్లకి తెలియకుండా ఫోన్ చోటు బయటపెట్టడం ప్రమాదమేనంటారు. ఆ సమాచారం కేంద్రంలో ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూస్తారు అని అడుగుతారు. రక్షణ పనిలో ఉన్నవాళ్లు ఇంకోవైపు చూపిస్తారు. మాట రాని స్థితిలో, స్పృహ తప్పే ముందు, ఊరు తెలియని రోడ్డు మీద చేసే కాల్స్‌లో నోటి చిరునామా దొరకదు, ఫోన్ చెప్పకపోతే చెప్పేవాళ్లే లేరు. ఏఎంఎల్ పద్ధతి ఈ రెంటి మధ్యా నడవాలని చూస్తుంది. మనం ఎమర్జెన్సీ నంబరు నొక్కితేనే కదులుతుంది, ఆ కాల్ వరకే పంపుతుంది, బయట కూర్చుని ఎవరూ ఫోన్‌ని అడిగి రాబట్టలేరు. కేంద్రానికి చేరాక ఆ సమాచారాన్ని ఎంతకాలం ఉంచుతారన్నది మాత్రం సాంకేతికత చేతిలో లేదు, నిబంధనలే చెప్పాలి.

## నోటితో చెప్పాల్సి వస్తే

మ్యాప్‌లో నీలం చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే అంకెలు వస్తాయి. దశాంశ చుక్క తర్వాత మూడో అంకె తేడా వస్తే చోటు దాదాపు 110 మీటర్లు జరుగుతుంది, నాలుగో అంకెకి 11 మీటర్లు. కాబట్టి నాలుగు అంకెలు చదివితే చాలు, మిగతావి అక్కర్లేదు. కానీ రెండో అంకె తప్పు వినబడితే దెబ్బ పెద్దది. 16.53 అన్నది వాన హోరులో 16.58గా వినపడితే ఐదున్నర కిలోమీటర్లు ఉత్తరానికి, ఊరి బయటికి పడవ వెళ్లిపోతుంది. అందుకే అంకెలతోపాటు ఒక గుర్తు కూడా చెప్పాలి. అదీ నీళ్లపైన కనిపించేదై ఉండాలి. కిరాణా కొట్టు బోర్డు మునిగిపోయి ఉంటుంది. వాటర్ ట్యాంకు, గుడి గోపురం, మసీదు మినార్, ఫ్లైఓవర్ దిగే చోటు లాంటివి దూరం నుంచే కనబడతాయి.

చివరగా, అక్షాంశ రేఖాంశాల్లో ఎత్తు ఉండదు. 8 సెంట్ల వలయంలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే, పడవ గుమ్మం దాకా సరిగ్గానే వస్తుంది. ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో, నడవలేని ముసలివాళ్లు ఏ గదిలో ఉన్నారో మీరు చెబితేనే వాళ్లకి తెలుస్తుంది.